మొబైల్ డేటా: ‘వైఫైలో మాత్రమే’ అని పెట్టినా హాట్‌స్పాట్‌లో ప్యాక్ ఎందుకు ఖాళీ అవుతుంది?

ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేని కుటుంబాల్లో ఒకరి ఫోన్ నుంచి మరొకరి ఫోన్‌కో, ల్యాప్‌టాప్‌కో హాట్‌స్పాట్ ద్వారా ఇంటర్నెట్ ఇవ్వడం మామూలే. పెద్ద ఫైళ్లన్నీ వైఫైలోనే డౌన్‌లోడ్ కావాలని ముందే ఎంచుకున్నవారికి కూడా, ఇలా ఇచ్చిన రోజున ప్యాక్ మధ్యాహ్నానికే అయిపోతుంటుంది. దీనికి కారణం ఆ సెట్టింగ్ పనిచేసే తీరులోనే ఉంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రోజుకు 1.5 జీబీ డేటా వచ్చే ప్రీపెయిడ్ ప్యాక్ ఉన్న తల్లి ఫోన్ నుంచి కుమార్తె తన ల్యాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ కలుపుకుని, దరఖాస్తు పూర్తి చేయడానికి కూర్చుంది అనుకుందాం. ఆ పనికి 50 ఎంబీ కూడా పట్టదు. కానీ ల్యాప్‌టాప్ అదే సమయంలో 1 జీబీ విండోస్ అప్‌డేట్‌ను తెరవెనుక దించుకోవడం మొదలుపెట్టింది. ఫొటోలు క్లౌడ్‌లోకి వెళ్లడం కూడా దానికి తోడైంది. గంట గడిచేసరికి ఆ రోజు కోటా ముగిసింది.

చాలా ప్యాక్‌లలో కోటా ముగిశాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు మాత్రమే. ఆ వేగంతో 2 ఎంబీ ధ్రువపత్రాన్ని అప్‌లోడ్ చేయడానికి నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. ఈలోగా దరఖాస్తు పేజీ గడువు తీరి మూసుకుపోవచ్చు.

లోపం ఎక్కడుంది?

‘వైఫైలో మాత్రమే’ అనే సెట్టింగ్ చూసేది కనెక్షన్ రకాన్ని మాత్రమే. ఆ వైఫై వెనుక అపరిమిత బ్రాడ్‌బ్యాండ్ ఉందా, పరిమిత మొబైల్ ప్యాక్ ఉందా అన్నది దానికి దానంతట తెలియదు. హాట్‌స్పాట్ కూడా వైఫైయే కాబట్టి, డౌన్‌లోడ్‌కు అనుమతి ఉన్నట్లే ల్యాప్‌టాప్ భావిస్తుంది.

ఆండ్రాయిడ్‌లోని డేటా సేవర్ ఇక్కడ ఆదుకుంటుందని అనుకోవచ్చు. తెరపై తెరిచి లేని యాప్‌లు మొబైల్ డేటాను వాడకుండా అది ఆపుతుంది. తెరిచి చూస్తున్న వీడియోను మాత్రం ఆపదు. అంతకంటే ముఖ్యంగా, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా సేవర్ ఆన్‌లో ఉంటే హాట్‌స్పాట్ పనిచేయదు. హాట్‌స్పాట్ ఇవ్వాలంటే దాన్ని ఆపక తప్పదు. అందుకే రక్షణను డేటా ఇచ్చే ఫోన్‌లో కాకుండా, అందుకునే పరికరంలో ఏర్పాటు చేసుకోవాలి.

అందుకునే పరికరంలో ఏం చేయాలి?

విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో Settings తెరిచి, Network & internet, ఆ తర్వాత Wi-Fi లోకి వెళ్లాలి. కనెక్ట్ అయి ఉన్న హాట్‌స్పాట్ వివరాల్లో Metered connection అనే మీటను ఆన్ చేయాలి. ఇది ‘ఈ కనెక్షన్‌కు లెక్క ఉంది’ అని ల్యాప్‌టాప్‌కు చెప్పడమే. అప్పటి నుంచి విండోస్ చాలా అప్‌డేట్‌లను దానంతట దించుకోదు. వన్‌డ్రైవ్ కూడా సింక్‌ను నిలిపివేస్తుంది. ఈ గుర్తు ఆ ఒక్క హాట్‌స్పాట్‌కే వర్తిస్తుంది. హాట్‌స్పాట్ పేరు మారిస్తే మళ్లీ పెట్టుకోవాలి.

అందుకునేది ఆండ్రాయిడ్ ఫోన్ అయితే, వైఫై జాబితాలో ఆ హాట్‌స్పాట్ వివరాలు తెరిచి, Network usage కింద Treat as metered ఎంచుకోవాలి. పేర్లు ఫోన్ తయారీ సంస్థను బట్టి కొద్దిగా మారతాయి. ఇచ్చేదీ ఆండ్రాయిడ్ ఫోనే అయితే, ఈ సంగతిని ఫోన్ తనంతట గుర్తించే అవకాశం ఉంది. అయినా ఒకసారి సరిచూసుకోవడం మేలు. ఇలా గుర్తు పెట్టాక, అందుకునే ఫోన్‌లో డేటా సేవర్‌ను ఆన్ చేస్తే అది ఆ హాట్‌స్పాట్‌కూ వర్తిస్తుంది. ఐఫోన్‌లో అయితే ఆ వైఫై వివరాల్లో Low Data Mode ఆన్ చేయాలి.

ఈ గుర్తును అన్ని యాప్‌లూ పట్టించుకోవు. వాట్సాప్‌లో Storage and data కింద, వైఫైలో ఉన్నప్పుడు ఏవి వాటంతట డౌన్‌లోడ్ కావాలో విడిగా ఎంచుకోవాలి. హాట్‌స్పాట్‌పైనే ఆధారపడేవారు అక్కడ వీడియోల గుర్తును తీసివేయడం మంచిది.

ఫలితం ఎలా తెలుస్తుంది?

డేటా ఇచ్చే ఫోన్‌లోని డేటా వినియోగ పేజీలో హాట్‌స్పాట్ లెక్క సాధారణంగా విడిగా కనిపిస్తుంది. పని మొదలుపెట్టే ముందు, అరగంట తర్వాత ఆ అంకెను పోల్చి చూడాలి. చేసిన పనికి మించి వందల ఎంబీలు పెరిగితే, ఏదో యాప్ ఇంకా తెరవెనుక డేటా వాడుతోందని అర్థం. అది ఏదో ల్యాప్‌టాప్‌లోని Data usage పేజీలో పేరుతో సహా కనిపిస్తుంది.

అప్‌డేట్‌లను శాశ్వతంగా ఆపి ఉంచకూడదు. వాటిలో భద్రతా లోపాలను సరిదిద్దేవి ఉంటాయి. అపరిమిత వైఫై దొరికిన చోటనో, రాత్రి కోటా ముగిసేలోపు మిగిలిన డేటాతోనో వాటిని స్వయంగా దించుకోవాలి.