వెర్నియర్ కాలిపర్ - కనీసపు కొలత, రీడింగు

వస్తువు మందాన్ని, రంధ్రం వ్యాసాన్ని, గాడి లోతును కొలిచే జారుడు స్కేలు పరికరం వెర్నియర్ కాలిపర్. దీని దవడలు చాలా పాతవి. చైనాలో క్రీ.శ. 9 నాటి కంచు కాలిపర్ దొరికింది. వెర్నియర్ స్కేలు మాత్రం ఖగోళ పరిశీలకుల అవసరం నుంచి పుట్టింది.

నక్షత్రాల ఎత్తును కొలిచే పాదవృత్త యంత్రం మీద డిగ్రీ కంటే సన్నని గీతలు గీయడం కష్టం. పోర్చుగీసు గణితజ్ఞుడు పెద్రో నూనెష్ 1542లో ఒక ఉపాయం ప్రకటించాడు. 90 భాగాలున్న బయటి చాపం లోపల మరో 44 చాపాలు గీసి, వాటిని వరుసగా 89, 88 అంటూ 46 దాకా సమభాగాలు చేయాలి. చూపుకమ్మీ ఏదో ఒక చాపంలోని గీతమీద దాదాపు కచ్చితంగా పడుతుంది. 83 భాగాల చాపంలో 7వ గీతమీద పడితే కోణం 90 × 7 ÷ 83, అంటే సుమారు 7.59 డిగ్రీలు. ప్రతి చాపాన్నీ వేరే లెక్కన విభజించాలి, ప్రతి రీడింగుకూ భాగహారం చేయాలి. ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ దీన్ని వాడి చూసి తృప్తి పడలేదు. తర్వాత గణితజ్ఞుడు క్లావియస్ కొంత దారి చూపాడు గానీ, సన్నని స్కేలును కదిలే కమ్మీకే బిగించాలన్న ఆలోచన ఆయనది కాదు.

ఆ పని చేసినవాడు పియర్ వెర్నియర్ (1580-1637). స్పెయిన్ రాజు ఏలుబడిలోని ఫ్రాంష్-కోంతే ప్రాంతంలో ఓర్నాన్ ఆయన ఊరు, అక్కడి కోటకు అధికారి కూడా. 1631లో బ్రస్సెల్స్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలోని యంత్రానికి అర డిగ్రీ గీతలున్నాయి. కదిలే చిన్న స్కేలు మీద 31 అర డిగ్రీల నిడివిని 30 భాగాలు చేశాడు. స్థిర స్కేలులో భాగం 30 నిమిషాలు, కదిలేదానిలో 31 నిమిషాలు. తేడా ఒక్క నిమిషం. నూనెష్ 44 చాపాలతో సాధించబోయినదాన్ని ఒక్క చిన్న పట్టీతో సాధించిన అద్భుతమైన సూక్ష్మబుద్ధి ఇది. ఆ తేడానే నేడు కనీసపు కొలత అంటాం.

తర్వాతి రెండు శతాబ్దాల్లో ఈ స్కేలు సర్వే, నౌకా పరికరాల్లోకి చేరింది. 1851లో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో జోసెఫ్ ఆర్. బ్రౌన్, అంగుళంలో వెయ్యో వంతు చదవగల కాలిపర్ తయారు చేశాడు.

నేటి కాలిపర్లలో వెర్నియర్ భాగమే చిన్నది. స్కూలు ప్రయోగశాలలోని పరికరంలో 9 మి.మీ.ను 10 భాగాలు చేస్తారు. వెర్నియర్ భాగం 0.9 మి.మీ. కనుక కనీసపు కొలత 0.1 మి.మీ. వర్క్‌షాపుల్లో వాడేదానిలో 49 మి.మీ.ను 50 భాగాలు చేస్తారు. 1 నుంచి 0.98 తీసేస్తే 0.02 మి.మీ. అంగుళాల వైపు, ప్రధాన స్కేలులో అంగుళానికి 40 గీతలుంటే ఒక్కో భాగం 0.025 అంగుళం. వాటిలో 24 భాగాల నిడివిని వెర్నియర్‌లో 25 చేస్తే కనీసపు కొలత 0.001 అంగుళం. కొన్నిటిలో 1/16 అంగుళం గీతలు, 8 వెర్నియర్ భాగాలు ఉంటాయి. అక్కడ అది 1/128 అంగుళం.

ఒక షాఫ్టును కొలిచామనుకుందాం. వెర్నియర్ సున్నా 24 మి.మీ. గీత దాటింది. వెర్నియర్‌పై 4 అంకె తర్వాతి మొదటి గీత, అంటే 21వది, ప్రధాన స్కేలు గీతతో ఏకీభవించింది. 21 × 0.02 = 0.42, రీడింగు 24.42 మి.మీ. ఇక్కడ ఏకీభవించిన గీతకు ఎదురుగా ప్రధాన స్కేలుపై ఉన్న అంకెను పట్టించుకోకూడదు. కొత్తవాళ్లు పొరపడేది అక్కడే. అదే షాఫ్టుకు అంగుళాల వైపు సున్నా 0.9 దాటి మరో రెండు చిన్న గీతలు దాటింది: 0.950. ఏకీభవించినది 11వ గీత: 0.011. మొత్తం 0.961 అంగుళం. ఆ రెండు చిన్న గీతలను వదిలేస్తే 0.05 అంగుళం, అంటే 1.27 మి.మీ. పోతుంది. సరిచూడటానికి 25.4తో గుణిస్తే 24.41 మి.మీ. వస్తుంది. 0.001 అంగుళం 0.0254 మి.మీ.కు సమానం కనుక ఈ 0.01 తేడా సహజం.

కొలిచే ముందు దవడలు మూసి రెండు సున్నాలూ కలిశాయో లేదో చూడాలి. వెర్నియర్ సున్నా కుడికి జరిగి 3వ గీత ఏకీభవిస్తే, వచ్చిన ప్రతి రీడింగు నుంచి 0.06 మి.మీ. తీసేయాలి. ఎడమకు జరిగి 47వ గీత ఏకీభవిస్తే, 50 నుంచి 47 పోగా మిగిలిన మూడింటికి అదే 0.06ను కలపాలి. దవడల కొనలతో గట్టిగా నొక్కి పట్టినప్పుడు జారే దవడ కొద్దిగా ఒరుగుతుంది. స్కేలు, వస్తువు ఒకే వరుసలో లేవు కనుక ఆ ఒరుగు రీడింగులోకి వస్తుంది. అందుకే వస్తువును వీలైనంత స్కేలు దగ్గరగా పట్టాలి.