కేంద్రకమున్న ఎర్ర కణం తెల్ల కణంగా లెక్కకు వస్తే

బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి గంజాం ఒక్క జిల్లా నుంచే కాదు, కంధమాల్, గజపతి కొండప్రాంతాల నుంచి కూడా రోగులు వస్తారు. ఇచ్ఛాపురం వైపు తెలుగువాళ్లకూ దగ్గరలోని పెద్ద వైద్య కేంద్రం బరంపురమే. ఒడిశాలో సికిల్ సెల్, తలసీమియా జబ్బులు రెండూ ఉన్నాయి. ఆ జబ్బులున్న పిల్లల సీబీసీ రిపోర్టులో తెల్ల కణాల సంఖ్యను నమ్మే ముందు, ఆ సంఖ్య ఎలా పుట్టిందో తెలుసుకోవాలి.

అమెరికాకు చెందిన వాలెస్ కౌల్టర్‌కు 1953లో పేటెంట్ దక్కిన పద్ధతే నేటికీ చాలా మెషీన్లకు ఆధారం. రక్తాన్ని ఉప్పు ద్రావణంలో పలచన చేసి, వెంట్రుక మందం ఉండే సన్నని రంధ్రం గుండా లాగుతారు. ఆ రంధ్రం గుండానే విద్యుత్తు కూడా పారుతుంటుంది. కణం విద్యుత్తును సరిగా పోనివ్వదు కాబట్టి, అది రంధ్రం దాటే క్షణంలో నిరోధం పెరిగి ఒక పల్స్ వస్తుంది. ఎన్ని పల్సులో అన్ని కణాలు. పల్స్ ఎంత ఎత్తుంటే కణం అంత పెద్దది. అంటే మెషీన్‌కు తెలిసేది పరిమాణం మాత్రమే. అది ఏ కణమో చూసి చెప్పే కన్ను దానికి లేదు.

ఒక తెల్ల కణానికి సుమారు ఏడు వందల ఎర్ర కణాలుంటాయి. అందుకే తెల్ల కణాల కౌంట్‌కు ముందు లైజ్ అనే ద్రావణం కలిపి ఎర్ర కణాలను పగలగొడతారు. తెల్ల కణాలు కూడా కొంత కుంచించుకుపోతాయి. త్రీ పార్ట్ మెషీన్లలో సాధారణంగా 35 ఫెమ్టోలీటర్లకు పైబడినదంతా తెల్ల కణం కిందే లెక్క: 35 నుంచి 90 వరకు లింఫోసైట్లు, 160 దాటితే గ్రాన్యులోసైట్లు, మధ్యలోవి మోనోసైట్లు, మరికొన్ని రకాలు.

చిక్కంతా ఆ 35 దగ్గరే. ఎర్ర కణాలు వేగంగా నశిస్తుంటే, ఎముక మజ్జ ఇంకా కేంద్రకం పోని పసి ఎర్ర కణాలను కూడా రక్తంలోకి వదులుతుంది. లైజ్ వాటి పొరను కరిగిస్తుంది గానీ కేంద్రకం మిగిలిపోతుంది. ఆ కేంద్రకం పరిమాణం కుంచించుకుపోయిన చిన్న లింఫోసైట్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి మెషీన్ దాన్ని లింఫోసైట్‌గా కలిపేసుకుంటుంది. సికిల్ సెల్, తలసీమియాల్లో కొన్ని ఎర్ర కణాలు లైజ్‌కు లొంగవు కూడా. మైక్రోలీటరుకు 25 లక్షల ఎర్ర కణాలున్న రోగిలో వెయ్యికొకటి పగలకుండా మిగిలినా, 2,500 దొంగ తెల్ల కణాలు చేరిపోగలవు.

లెక్క కోసం ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. సికిల్-బీటా తలసీమియా ఉన్న ఎనిమిదేళ్ల పిల్లవాడికి జ్వరం. మెషీన్ తెల్ల కణాలు 24,600 అంది. గ్రాఫులో ఎడమ అంచు నేలకు దిగకుండా పైనే నిలిచిపోయింది; అనుమానానికి మొదటి కారణం అదే. లీష్మన్ రంగు వేసిన స్మియర్‌లో వంద తెల్ల కణాలు లెక్కపెట్టేలోగా కేంద్రకమున్న ఎర్ర కణాలు 64 కనిపించాయి. సవరణ ఇలా ఉంటుంది:

24,600 × 100 ÷ (100 + 64) = 15,000

ఇన్ఫెక్షన్ లేనప్పుడు కూడా సికిల్ సెల్ రోగుల్లో తెల్ల కణాలు మామూలుకన్నా ఎక్కువే ఉండవచ్చు. కాబట్టి 24,600 చూసిన డాక్టరు అంచనా ఒకలా, 15,000 చూసిన డాక్టరు అంచనా మరోలా ఉండే అవకాశముంది. అలాగని 15,000 అనేదీ కచ్చితమైన సంఖ్య కాదు. వంద కణాలు చూసి 64 అన్నప్పుడు, యాదృచ్ఛికత వల్లే అది 48 నుంచి 80 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఆ లెక్కన నిజమైన కౌంట్ సుమారు 13,700 నుంచి 16,600 మధ్య ఉంటుంది. వందతో ఆపకుండా రెండు వందల కణాలు లెక్కపెడితే ఈ తేడా తగ్గుతుంది. ఇంకా, లైజ్‌కు లొంగని కణాలను ఈ సూత్రం సవరించదు. వాటికి రక్తాన్ని పలచన చేసి మళ్లీ నడపడమో, లైజ్‌కు ఎక్కువ సమయమివ్వడమో చేయాలి.

కాంతితో పనిచేసే ఫైవ్ పార్ట్ మెషీన్లు ఇక్కడ కొంత మెరుగు. వాటిలో కణాలు వరుసగా లేజర్ ముందు నుంచి సాగిపోతాయి. సూటిగా ముందుకు చెదిరే కాంతి ప్రధానంగా పరిమాణాన్ని చెబుతుంది, పక్కకు చెదిరేది లోపలి కణికలను, కేంద్రకపు మడతలను చెబుతుంది. రెండింటినీ గ్రాఫులో పెడితే లింఫోసైట్లు ఒకచోట, కణికలు నిండిన న్యూట్రోఫిల్స్ మరోచోట గుంపులుగా చేరతాయి. పగలని ఎర్ర కణాలు, శిథిలాలు, కేంద్రకాలు చాలావరకు లింఫోసైట్ల గుంపుకు దిగువన పడతాయి. కాకపోతే ఆ రెండు గుంపుల మధ్య గీత ఎక్కడ గీయాలో సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. గుంపులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతే దాని గీత కూడా తప్పుతుంది. అలాంటప్పుడు మెషీన్ ఫ్లాగ్ ఇస్తుంది. ఫ్లాగ్ వచ్చిన శాంపిల్‌కు స్లైడ్ చూడకుండా రిపోర్టు పంపకూడదు.

మరో పొరపాటు ఇందుకు ఎదురు దిశలో జరుగుతుంది. కేంద్రకమున్న ఎర్ర కణాలకు ప్రత్యేకంగా రంగు పట్టించి, ఫ్లోరెసెన్స్‌తో గుర్తించి, తెల్ల కణాల సంఖ్య నుంచి ముందే తీసేసే మెషీన్లున్నాయి. వాటి రిపోర్టులో NRBC అనే వరుస కనిపిస్తుంది. అలా వచ్చిన 15,000ను స్మియర్ చూసిన వ్యక్తి పై సూత్రంతో మళ్లీ సవరిస్తే 9,100కు పడిపోతుంది. అందుకని రిపోర్టులో సంఖ్య పక్కనే అది సవరించినదో కాదో, సవరించి ఉంటే మెషీన్ చేసిందో చేత్తో చేశారో రాసి పంపాలి.