దడను వెంటాడిన యంత్రాలు

సాధారణ ఈసీజీ గుండెలోని విద్యుత్ కదలికలను పది సెకన్ల పాటు మాత్రమే నమోదు చేస్తుంది కనుక, వచ్చి పోయే దడ ఆ స్వల్ప వ్యవధిలో దానికి చిక్కడం అరుదు. ఈ లోటును పూరించే మార్గం చూపినవాడు వైద్యుడు కాదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రం, హెలెనా నగరానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త నార్మన్ జెఫ్ హోల్టర్. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి గుండెను గాక, నడుస్తూ, పనిచేస్తూ, నిద్రిస్తూ ఉన్న మనిషి గుండెను పరిశీలించాలన్నది ఆయన సంకల్పం. 1947 ప్రాంతంలో ఆయన నిర్మించిన తొలి పరికరం ఈసీజీని రేడియో తరంగాలుగా పంపేది. సుమారు 38 కిలోల ఆ బరువును వీపున మోయవలసి వచ్చేది. ట్రాన్సిస్టర్లు వచ్చాక పరికరం చిన్నదైంది. గంటల తరబడి గుండె లయను అయస్కాంత టేపుపై ఎక్కించి, ఆ టేపును అరవై రెట్ల వేగంతో తిప్పి పరిశీలించే పద్ధతిని హోల్టర్ 1961లో ‘సైన్స్’ పత్రికలో వివరించారు. 24 గంటల నమోదును నేటికీ ఆయన పేరుతోనే ‘హోల్టర్’ పరీక్ష అంటున్నారు.

ఈ పరీక్షలో ఛాతీకి అంటించిన ఎలక్ట్రోడ్లు రోజుకు సుమారు లక్ష స్పందనలను విరామం లేకుండా నమోదు చేస్తాయి. రోగి తనకు దడ అనిపించిన సమయాన్ని, అప్పుడు చేస్తున్న పనిని డైరీలో రాసుకుంటాడు. దడ ప్రతిరోజూ వచ్చేవారికి ఇది సరిపోతుంది. రెండు వారాలకొకసారి మాత్రమే వచ్చే దడ, యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఒక్క రోజులో కనిపించే అవకాశం స్థూలంగా పద్నాలుగింట ఒక వంతే.

అటువంటివారి కోసం వచ్చినవే ఈవెంట్ రికార్డర్లు. వీటిలో ఒక రకాన్ని దడ మొదలైన తరువాత ఛాతీకి ఆనించి మీట నొక్కాలి. అందువల్ల క్షణాల్లో ఆగిపోయే దడ దీనికి అందదు, స్పృహ తప్పినవారికి ఇది ఉపయోగపడదు. లూప్ రికార్డర్ అనే రెండో రకం వారాల తరబడి ఒంటిపై ఉండి, పాత నమోదును చెరిపి కొత్తది రాసుకుంటూ పోతుంది కనుక, మీట నొక్కగానే అంతకు ముందు జరిగినదాన్ని కూడా భద్రపరుస్తుంది. 1996లో ప్రచురితమైన ఒక పరిశోధనలో దడతో బాధపడే 43 మందికి 48 గంటల హోల్టర్‌నూ, మూడు నెలల వరకు ఈవెంట్ రికార్డర్‌నూ ఇచ్చి పోల్చగా, దడ వస్తున్న సమయపు ఈసీజీ హోల్టర్‌కు 15 మందిలో, ఈవెంట్ రికార్డర్‌కు 29 మందిలో లభించింది.

ఫలితాన్ని చదవడంలోని కీలకాన్ని ఒక ఊహాజనిత ఉదాహరణ స్పష్టం చేస్తుంది. నలభై ఏళ్ల స్త్రీకి రెండు వారాలకొకసారి హఠాత్తుగా దడ మొదలై పది నిమిషాలుండి, మొదలైనంత హఠాత్తుగానే ఆగిపోతుందనుకుందాం. ఆమె హోల్టర్ నివేదికలో నిద్రలో వేగం నిమిషానికి 46కు తగ్గినట్లు, జఠరికల నుంచి సమయానికి ముందే పుట్టిన స్పందనలు 200 ఉన్నట్లు కనిపిస్తుంది; డైరీలో మాత్రం దడ ప్రస్తావన లేదు. నిద్రలో వేగం తగ్గడం సహజం. గుండె నిర్మాణం బాగున్నవారిలో రోజుకు లక్ష స్పందనల నడుమ 200 ముందస్తు స్పందనలు సాధారణంగా ప్రమాద సూచన కాదు. అయితే ఆ అంకెలు దడకు కారణాన్ని చెప్పడం లేదు, నివేదిక దడను తోసిపుచ్చడమూ లేదు. దడ ఆ రోజు రాలేదన్నదొక్కటే తేలిన విషయం. తరువాత ఆమెకిచ్చిన లూప్ రికార్డర్‌లో, దడ వచ్చినప్పుడు వేగం 80 నుంచి ఒక్క స్పందనతో 180కి ఎగబాకి, సన్నని తరంగాలతో క్రమబద్ధంగా సాగి, అంతే చటుక్కున ఆగితే, అది జఠరికలకు పైనున్న మార్గంలో విద్యుత్తు చుట్టుతిరగడం వల్ల కలిగే ‘సుప్రావెంట్రిక్యులర్ టాకికార్డియా’ కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. అదే వేగం మెల్లగా 130కి పెరిగి మెల్లగా తగ్గితే, శ్రమకో ఆందోళనకో జ్వరానికో స్పందించిన మామూలు లయ అయ్యుంటుంది.

ఇక్కడ ఒక పొరపాటుకు తావుంది. ఎలక్ట్రోడ్ వదులైనా, పళ్లు తోముకుంటూ చేయి ఊపినా పుట్టే గజిబిజి గీతలు జఠరికల ప్రమాదకరమైన వేగాన్ని తలపిస్తాయి. వాటి మధ్యలో అసలు స్పందనలు తమ పాత అంతరంతోనే కొనసాగుతున్నాయా అని కొలిచి చూస్తే తేడా బయటపడుతుంది.

దడ లేని వేళ కనిపించినా కొన్నింటిని విస్మరించరాదు: కర్ణికలు క్రమం తప్పి కంపించే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, జఠరికల నుంచి వరుసగా వచ్చే వేగవంతమైన స్పందనలు, మెలకువలో మూడు సెకన్లు దాటిన విరామం ఆ కోవలోనివి. మిగిలిన సందర్భాల్లో దడ, గీత ఒకే నిమిషంలో కలిశాయా అన్నదే తీర్పునిస్తుంది: రోగి దడ అని రాసిన సమయాన లయ మామూలుగా ఉంటే ఆ దడకు లయ లోపం కారణం కాదని తేలుతుంది, దడే రాకపోతే ‘నార్మల్’ అనే ముగింపు వాక్యంతో పరీక్ష పూర్తయినట్లు కాదు, ఎక్కువ కాలం నమోదు చేసే పరికరాన్ని ఎంచుకోవలసి ఉంటుంది.