గ్రాంటు ప్రతిపాదనల్లో భావచౌర్యం

ఒక పరిశోధక బృందం నిధుల కోసం రాసుకున్న లక్ష్యాలను, ప్రయోగాల కూర్పును, వాక్యాలను మరొకరు ఆ బృందం పేరు చెప్పకుండా తమ దరఖాస్తులో పెట్టుకోవడం గ్రాంటు ప్రతిపాదనల్లో జరిగే గ్రంథచౌర్యం. ఇందులో మాటలు ఎత్తుకోవడం కంటే ఆలోచన ఎత్తుకోవడం పెద్ద తప్పు. అచ్చయిన వ్యాసంలోంచి కాపీ కొడితే అసలు రచయిత పేరు, తేదీ పత్రికలోనే సాక్ష్యంగా ఉంటాయి. ప్రతిపాదనలో ఉండేది ఇంకా చేయని పని. పైగా దాన్ని చదివి విలువ కట్టగలిగేవారు అదే రంగంలో పనిచేసేవారు, అంటే చాలాసార్లు పోటీదారులే. గోప్యత పాటిస్తారన్న నమ్మకం ఒక్కటే దానికి కాపలా.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌కు పంపే ఆర్01 దరఖాస్తులో లక్ష్యాలకు ఒకే పేజీ ఉంటుంది, పరిశోధన వ్యూహానికి మరో 12 పేజీలు ఉంటాయి. ఏ ప్రశ్నకు ఇంతవరకు జవాబు లేదో, ఏ ఊహను ఏ వరుసలో పరీక్షించాలో ఆ ఒక్క పేజీలోనే తేలిపోతుంది. ఏళ్ల తరబడి విఫలమైన ప్రయోగాల నుంచి నేర్చుకున్నదంతా అందులో ఇమిడి ఉంటుంది కాబట్టి దొంగిలించడానికి అది విలువైన భాగం.

అమెరికాలో ఈ విషయంలో నిబంధనలు 1980ల చివర్లో రూపుదిద్దుకున్నాయి. 1987లో జాతీయ సైన్స్ ఫౌండేషన్, 1989లో ప్రజారోగ్య సేవా విభాగం ఇచ్చిన నిర్వచనాల్లో పరిశోధన చేయడంతోపాటు దాన్ని ప్రతిపాదించడం కూడా చేరింది. అంటే నిధులు రాకపోయినా దరఖాస్తులో చేసిన చౌర్యం దుష్ప్రవర్తనే. గ్రాంటులను సమీక్షించేటప్పుడు తెలిసిన ఆలోచనలను అనుమతి లేకుండా వాడుకోవడం గ్రంథచౌర్యమేనని పరిశోధన సమగ్రత కార్యాలయం 1994లో స్పష్టం చేసింది. 2000 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ విధానం సమీక్షను కూడా నిర్వచనంలోకి తెచ్చింది.

ప్రత్యేక నిబంధనలు ఎందుకు అవసరమో పమేలా బెర్జ్ కేసు చూపిస్తుంది. కార్నెల్‌లో డాక్టరేటు విద్యార్థినిగా ఉన్న ఆమె, తన సిద్ధాంత వ్యాసంలోని ఆలోచనలను అలబామా విశ్వవిద్యాలయంలో వాడుకున్నారని కోర్టుకెక్కారు. 1995లో జ్యూరీ ఆమె పక్షాన తీర్పిచ్చింది. 1997లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టివేసింది. కాగితం మీద పెట్టిన ఆలోచనలపై ఇలాంటి దావా కాపీరైటు చట్టం పరిధిలోకే వస్తుందన్నది కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ చట్టమేమో వాక్యాన్ని కాపాడుతుంది గాని వాక్యంలోని ఆలోచనను కాపాడదు. చట్టం వదిలేసిన ఆ ఖాళీని నింపేవి నిధులిచ్చే సంస్థల నిబంధనలే.

చౌర్యం ఎలా బయటపడుతుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూడవచ్చు. క్షయ మందుకు లొంగని బ్యాక్టీరియాలో ఒక ప్రోటీన్ పాత్రపై మూడు లక్ష్యాలతో ఒక బృందం దరఖాస్తు పెట్టింది. అది తిరస్కరణకు గురైంది. మరుసటి ఏడాది, దాన్ని సమీక్షించినవారిలో ఒకరు అదే ప్రోటీన్‌పై దరఖాస్తు చేశారు. వాక్యాలన్నీ మార్చారు కాబట్టి పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్‌కు ఏమీ దొరకలేదు. కానీ మూడు లక్ష్యాలూ అదే వరుసలో ఉన్నాయి. మొదటి బృందం తన దగ్గరున్న నమూనాలను బట్టి ఎంచుకున్న ఎలుకల సంఖ్యే కారణం చెప్పకుండా ఇక్కడా కనిపించింది. అన్నిటికంటే బలమైన సాక్ష్యం, ఆ ప్రోటీన్‌పై కొత్త దరఖాస్తుదారుకు సొంత ప్రాథమిక ఫలితం ఒక్కటీ లేకపోవడం. దర్యాప్తు చేసేవారు ఇలాంటప్పుడు పాత చిత్తుప్రతుల తేదీలు, ఈమెయిళ్లు, సమీక్షకులకు దరఖాస్తు అందిన తేదీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

మాటల కాపీని పట్టుకోవడం దీనికంటే తేలిక. 2011లో నిధులు పొందిన దాదాపు 8000 ప్రతిపాదనలను జాతీయ సైన్స్ ఫౌండేషన్ తనిఖీ విభాగం సాఫ్ట్‌వేర్‌తో పరిశీలించినప్పుడు సుమారు 100 అనుమానాస్పద కేసులు తేలాయని 2013లో వెల్లడైంది.

అయితే ప్రతి పోలికా చౌర్యం కాదు. ఒకే వ్యాసం చదివిన ఇద్దరికి ఒకే ఆలోచన రావచ్చు. అందరూ వాడే పద్ధతిని వర్ణించే కొద్దిపాటి మాటలు కలిసినా పరిశోధన సమగ్రత కార్యాలయం వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఒకప్పుడు కలిసి పనిచేసి విడిపోయినవారి మధ్య ఆలోచన ఎవరిదన్న తగాదాలను కూడా అది తన పరిధిలోంచి తప్పించింది. న్యాయంగా చూస్తే ఇది బాధాకరమైన మినహాయింపు, ఎందుకంటే ల్యాబు వదిలి వెళ్లిన విద్యార్థుల ఫిర్యాదులు కూడా ఈ కోవలోకి రావచ్చు. అమెరికా నిబంధనల ప్రకారం తప్పు ఉద్దేశపూర్వకంగానో, తెలిసో, తీవ్ర నిర్లక్ష్యంతోనో చేసినట్టు సాక్ష్యాల మొగ్గును బట్టి రుజువు కావాలి.

తప్పు రుజువైతే కొన్నేళ్లపాటు ఫెడరల్ నిధులకు అనర్హత విధించవచ్చు, సమీక్షకుల జాబితా నుంచి తొలగించవచ్చు. జర్మనీ పరిశోధన ఫౌండేషన్ డీఎఫ్‌జీ కూడా దరఖాస్తు హక్కును కొంతకాలం రద్దు చేస్తుంది. భారత్‌లో సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధన బోర్డు దరఖాస్తుదారుల నుంచి గ్రంథచౌర్యం లేదని హామీ పత్రం తీసుకునేది. 2023 చట్టంతో ఆ బోర్డు స్థానంలోకి అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది.