టేబుల్ క్లాత్ కొలత

భోజనాల బల్ల మీద పరిచే గుడ్డ ఎంత ఉండాలో నిర్ణయించే పద్ధతి. ముందుగా బల్ల అంచు నుంచి గుడ్డ ఎంత కిందికి వేలాడాలో తేల్చుకోవాలి. రోజువారీ భోజనానికి 6 నుంచి 8 అంగుళాలు చాలు. అంతకు బాగా మించితే కూర్చున్నవారి ఒడిలో పడి, లేచేటప్పుడు గుడ్డ లాగుకొస్తుంది.

దీర్ఘచతురస్రపు బల్ల: పొడవుకూ వెడల్పుకూ వేలాడే భాగాన్ని రెండింతలు చేసి కలపాలి. 60, 36 అంగుళాల బల్లకు 8 అంగుళాలు వేలాడాలంటే 76, 52 అంగుళాల గుడ్డ కావాలి. మూలలు మాత్రం 11 అంగుళాలకు పైగా దిగుతాయి.

గుండ్రటి బల్ల: నడిమధ్యగా అంచు నుంచి అంచుకు కొలవాలి. అడ్డకొలత 48 అంగుళాలైతే 64 అంగుళాల గుండ్రటి గుడ్డ సరిపోతుంది. అదే 64 అంగుళాల చదరపు గుడ్డ పరిస్తే మూలలు 21 అంగుళాల దాకా జారతాయి.

అంచు, లేసు: మడతకుట్టుకు ప్రతి వైపూ ఒక అంగుళం అదనంగా ఉంచాలి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంత మహిళలు అల్లే లేసు వంటిది అంచుకు కుడితే, దాని వెడల్పు కూడా వేలాడే భాగంలోకే వస్తుంది. 2 అంగుళాల లేసైతే గుడ్డ 6 అంగుళాలే వేలాడాలి. నూలు గుడ్డ ఉతికితే కుదించుకుపోతుంది కనుక తడిపి ఆరబెట్టాకే కత్తిరించాలి.