ఆయుర్వేద మూలికల పొట్లాలపై పేర్లు

ఆయుర్వేద మూలికల పొట్లాలపై ఒకే సరుకుకు పలు భాషల పేర్లు పక్కపక్కన కనిపిస్తాయి. అశ్వగంధ చూర్ణం డబ్బా మీద సంస్కృత పేరు, హిందీ పేరు, ఇంగ్లీషు పేరు, శాస్త్రీయ నామం ఉండవచ్చు. తెలుగు పేరు మాత్రం అన్ని పొట్లాల మీదా ఉండదు. ఈ పేర్లను జత కలపడం పందొమ్మిదో శతాబ్దిలో వృక్షశాస్త్రవేత్తలు, వైద్యులు మొదలుపెట్టిన పని. తర్వాత అది మందుల చట్టంలోకి, అక్కడి నుంచి లేబుళ్ల మీదికి వచ్చింది. ఏ భాష పేరైనా శాస్త్రీయ నామం ద్వారానే మరో భాష పేరుతో కలుస్తుంది. రెండు వాడుక పేర్లను నేరుగా జత చేసినచోట పొరపాట్లు జరిగాయి.

తొలి జాబితాలు

తెలుగు మొక్కల పేర్లను శాస్త్రీయ నామాలతో కలిపి రాసిన తొలితరం వారిలో విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా ఆయన 1780లలో సామర్లకోటలో పనిచేశారు. అక్కడ తోట పెంచి, కోరమండల్ తీరపు మొక్కలను వర్ణిస్తూ వాటి తెలుగు పేర్లు కూడా నమోదు చేశారు. 1859లో వాల్టర్ ఇలియట్ ‘ఫ్లోరా ఆంధ్రికా’ అనే జాబితాను మద్రాసులో వెలువరించారు. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాల్లో సాధారణంగా కనిపించే మొక్కల పేర్లకు అది శాస్త్రీయ నామాలు చూపింది.

మందుల వ్యాపారానికి మరింత దగ్గరగా వచ్చిన పుస్తకం 1869లో మద్రాసులోనే వెలువడింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘ఫార్మకోపియా ఆఫ్ ఇండియా’కు అనుబంధంగా మొహిదీన్ షరీఫ్ అనే వైద్యుడు దాన్ని తయారుచేశారు. ఒక్కో మందు మొక్కకు హిందుస్తానీ, తమిళం, తెలుగు తదితర భాషల పేర్లు అందులో ఇచ్చారు. ఆసుపత్రికి మందు తెప్పించేవారు బజారులో ఏ పేరు చెప్పి అడగాలో తెలియాలన్నది అలాంటి జాబితాల ప్రయోజనం.

చట్టంలో పేర్లు

మందులు, సౌందర్య సాధనాల చట్టం 1940లో వచ్చినా ఆయుర్వేద మందులకు అందులో ప్రత్యేక అధ్యాయం చేరింది 1964 సవరణతోనే. ఆ చట్టం కింది నియమాల్లో 161వది లేబుల్ గురించి. మందులో వాడిన ప్రతి దినుసు అధికారిక నామం, శాస్త్రీయ నామం, పరిమాణం డబ్బా మీద ఉండాలని అది చెబుతుంది. జాబితా పెద్దదై లేబుల్‌లో పట్టకపోతే విడిగా కాగితం మీద ముద్రించి లోపల పెట్టవచ్చు. విషద్రవ్యాల పట్టికలో ఉన్న దినుసు కలిసిన తినే మందు అయితే, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరికను ఇంగ్లీషులోనూ హిందీలోనూ వేయాలి. ఆ నియమంలో ప్రాంతీయ భాషల ప్రస్తావన లేదు.

అధికారిక నామానికి ఆధారం భారత ఆయుర్వేద ఫార్మకోపియా. దాని మొదటి సంపుటం 1980లలో తయారైంది. అందులో ప్రతి ద్రవ్యానికీ సంస్కృత పేరే శీర్షిక. దాని కింద హిందీ, ఇంగ్లీషు, తెలుగు సహా పలు భాషల పర్యాయాలు వరుసగా ఉంటాయి. తెలుగు పేరుకు గ్రంథంలో గుర్తింపు దొరికినా, దాన్ని లేబుల్ మీద వేయడం తయారీదారు ఇష్టానికే మిగిలింది.

అశ్వగంధ

అశ్వగంధకు తెలుగులో పెన్నేరు గడ్డ అని పేరు. కొన్నిచోట్ల పన్నేరు అనీ అంటారు. హిందీలో అసగంధ్. రాజస్థాన్‌లోని నాగౌర్ పేరు మీద ‘నాగోరీ అసగంధ్’ అనే రకం మూలికల బజారులో ప్రసిద్ధం. శాస్త్రీయ నామం వితానియా సోమ్నిఫెరా. మూలికల కొట్టులో పెన్నేరు గడ్డ అని అడిగితే ఎండిన వేర్లు ఇస్తారు. కంపెనీ డబ్బా మీద మాత్రం తెలుగు లిపిలో కూడా సాధారణంగా ‘అశ్వగంధ’ అనే ఉంటుంది.

ఉత్తరాది పొట్లాల మీద కనిపించే ‘పనీర్ డోడా’ పేరు పన్నేరును గుర్తుచేసినా, సరుకు వేరు. అది అదే ప్రజాతికి చెందిన వితానియా కోయాగ్యులాన్స్ ఎండు కాయ. పాలు విరగ్గొట్టే గుణం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. పొట్లంలో గుండ్రటి చిన్న కాయలుంటే అది పెన్నేరు గడ్డ కాదని చూడగానే తెలుస్తుంది.

ఇంగ్లీషు పేర్లూ నిలకడగా లేవు. పాత పుస్తకాలు వాడిన ‘వింటర్ చెర్రీ’ మరో మొక్కకూ ఉంది. అమ్మకానికి అనువుగా వచ్చిన ‘ఇండియన్ జిన్సెంగ్’ పేరుకు అమెరికాలో అడ్డుకట్ట పడింది. పనాక్స్ ప్రజాతి మొక్కలను తప్ప వేరే దేన్నీ జిన్సెంగ్ పేరుతో అమ్మకూడదని 2002 నాటి వ్యవసాయ చట్టం చెప్పింది. అక్కడ మూలికల వాడుక పేర్లకు అమెరికన్ హెర్బల్ ప్రొడక్ట్స్ అసోసియేషన్ 1992లో ప్రచురించిన ‘హెర్బ్స్ ఆఫ్ కామర్స్’ను ప్రమాణంగా తీసుకున్నారు. మొక్కలో ఏ భాగం వాడారో కూడా లేబుల్ మీద చెప్పాలి. విదేశాల్లోని తెలుగువారు కొనే సీసాల మీద ఇప్పుడు ‘అశ్వగంధ’ అన్నదే ఇంగ్లీషు పేరుగా చలామణీ అవుతోంది.

భాగం పేరు చెప్పడం ఎందుకు అవసరమో 2021లో భారతదేశంలోనూ తేలింది. ఫార్మకోపియా అశ్వగంధ వేరునే అధికారిక భాగంగా గుర్తించింది. అయినా కొందరు తయారీదారులు ఆకును కూడా వాడుతుండటంతో, ఆకు వాడవద్దని ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ ఏడాది సూచన జారీచేసింది. శాస్త్రీయ నామం వేరుకూ ఆకుకూ ఒకటే కనుక, భాగం రాయని లేబుల్‌తో ఈ తేడా పట్టుకోలేం.

పసుపు, మానుపసుపు

తెలుగు పసుపు, హిందీ హల్దీ, సంస్కృత హరిద్ర, ఇంగ్లీషు టర్మరిక్ అన్నీ కుర్కుమా లోంగా దుంపనే సూచిస్తాయి. ఇక్కడ పేరు మారేది చట్టాన్ని బట్టి. వంటకు అమ్మే పసుపు పొడి ఆహార చట్టం కిందికి వస్తుంది. దాని మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపి హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు అదనంగా వేసుకోవచ్చు. శాస్త్రీయ నామం అక్కర్లేదు. అదే పొడిని హరిద్రా చూర్ణంగా, మందుగా అమ్మితే 161వ నియమం వర్తించి శాస్త్రీయ నామం తప్పనిసరవుతుంది.

చిక్కు మానుపసుపుతో వస్తుంది. తెలుగు మానుపసుపు, హిందీ దారుహల్దీ, ఇంగ్లీషు ‘ట్రీ టర్మరిక్’ ఒకదానికొకటి సరిగ్గా అతికినట్టు కనిపిస్తాయి. ఫార్మకోపియా ప్రకారం దారుహరిద్ర అంటే హిమాలయాల్లో పెరిగే ముళ్లపొద బెర్బెరిస్ అరిస్టాటా. దక్షిణాదిలో చాలాకాలంగా ఆ పేరుతో వాడుతున్నది పశ్చిమ కనుమల్లోని పెద్ద తీగ కోసినియం ఫెనెస్ట్రాటం కాండం. రెండింటికీ పసుపు మొక్కతో చుట్టరికం లేదు. వాటి పచ్చదనం బెర్బెరిన్ వల్ల వస్తుంది, పసుపు కొమ్ము రంగు కుర్కుమిన్ వల్ల.

ఈ తేడా ఇంట్లోనే కొంతవరకు చూడవచ్చు. పసుపులో సున్నం కలిపితే పారాణిలా ఎర్రబడుతుంది. మానుపసుపు పొడి అలా ఎర్రబడదు, నాలుకకు విపరీతమైన చేదు తగులుతుంది. పొడి పసుపా కాదా అన్నంత వరకే ఈ పరీక్ష పనికొస్తుంది. అది హిమాలయపు పొదా, పశ్చిమ కనుమల తీగా అన్నది తేలాలంటే సూక్ష్మదర్శిని కింద కణజాలం చూడాలి, లేదా ప్రయోగశాలలో రసాయన పరీక్ష చేయాలి. అందువల్ల మూడు భాషల పేర్లూ పక్కపక్కన ఉన్న పొట్లం మీద కూడా, లోపల ఏ మొక్క ఉండాలో స్పష్టంగా చెప్పేది శాస్త్రీయ నామం ఒక్కటే.