నివాస పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్చుట

భారతదేశంలో పొదుపు ఖాతా ఉన్న వ్యక్తి ఉద్యోగం నిమిత్తం విదేశాలకు వెళ్ళినపుడు ఆ ఖాతాను నాన్ రెసిడెంట్ ఆర్డినరీ (ఎన్.ఆర్.ఓ.) ఖాతాగా మార్చవలసి ఉంటుంది. 2000 జూన్ 1 నుండి అమలులో ఉన్న విదేశీ మారక నిర్వహణ చట్టం (ఫెమా, 1999), దాని కింద రిజర్వు బ్యాంకు చేసిన డిపాజిట్ల నిబంధనలు ఇందుకు ఆధారం. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్‌కు వలసలు ఎక్కువ కాబట్టి రాయలసీమ బ్యాంకు శాఖలలో ఇది తరచుగా ఎదురయ్యే వ్యవహారం. నాపరాళ్ళకు పేరుపడిన నంద్యాల జిల్లా బేతంచెర్ల నుండి (2022 వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది) గల్ఫ్‌కు వెళ్ళే ఒక కార్మికుని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో ఆ పద్ధతిని వివరించడమైనది.

ప్రవాసి ఎప్పటి నుండి?

ఈ విషయంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "ఆరు నెలలు దాటితేనే ప్రవాసి" అనే మాట ఆదాయపు పన్నుకు సంబంధించినది. బ్యాంకు ఖాతాకు వర్తించేది ఫెమా. ఆ చట్టం ప్రకారం ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్ళిన వ్యక్తి వెళ్ళిన రోజు నుండే ప్రవాసి అవుతాడు.

బేతంచెర్లలో బండల పాలిష్ యంత్రంపై పనిచేసే ఒక వ్యక్తి 2025 నవంబరు 10న కువైట్‌లో డ్రైవరు ఉద్యోగానికి వెళ్ళాడని అనుకుందాం. ఫెమా దృష్టిలో అతడు ఆ రోజు నుండే ప్రవాసి. అయితే 2025 ఏప్రిల్ 1 నుండి నవంబరు 10 వరకు లెక్కిస్తే అతడు భారతదేశంలో 224 రోజులు ఉన్నాడు. ఇది 182 కంటే ఎక్కువ కాబట్టి 2025-26 ఆర్థిక సంవత్సరానికి ఆదాయపు పన్ను చట్టం అతనిని నివాసిగానే పరిగణిస్తుంది. ఒకే మనిషి ఒకే సమయంలో ఒక చట్టానికి ప్రవాసి, మరొక చట్టానికి నివాసి. వినడానికి విడ్డూరంగా ఉన్నా రెండూ సరైనవే. పన్ను లెక్కను చూసుకొని ఖాతా మార్పును వాయిదా వేయరాదు.

మార్చే విధానం

ఖాతా ఉన్న శాఖలో స్థితి మార్పు దరఖాస్తు ఇవ్వాలి. దానితోపాటు పాస్‌పోర్టు, వీసా లేదా పని అనుమతి పత్రం (కువైట్ అయితే అక్కడి సివిల్ ఐడీ), విదేశీ చిరునామా ఆధారం, పాన్ కార్డు, ఫొటోలు, ఏ దేశంలో పన్ను నివాసి అన్న విషయంపై స్వీయ ప్రకటన అడుగుతారు. విదేశం నుండి పంపే నకళ్ళను భారత రాయబార కార్యాలయం గానీ నోటరీ గానీ ధ్రువీకరించాలి. ఇది ఖర్చుతో, సెలవుతో కూడిన పని. కాబట్టి వీసా చేతికి రాగానే శాఖకు వెళ్ళి అసలు పత్రాలు చూపించి ఫారాలు సిద్ధం చేసుకొని వెళ్ళడం మేలు.

ప్రవాస ఖాతాలు నిర్వహించే అనుమతి ప్రతి గ్రామీణ బ్యాంకుకు, సహకార బ్యాంకుకు ఉండదు. ఈ సంగతి ముందుగా విచారించుకోవాలి. ఖాతాకు అనుబంధంగా ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లను రద్దు చేయనక్కరలేదు. అవి ఒప్పుకున్న వడ్డీ రేటుతోనే గడువు వరకు ఎన్.ఆర్.ఓ. డిపాజిట్లుగా కొనసాగుతాయి.

ఎన్.ఆర్.ఇ. ఖాతా వేరు

పాత పొదుపు ఖాతాను నేరుగా నాన్ రెసిడెంట్ ఎక్స్‌టర్నల్ (ఎన్.ఆర్.ఇ.) ఖాతాగా మార్చడం కుదరదు. 1970లో మొదలైన ఈ ఖాతాను విడిగా తెరవాలి. విదేశంలో సంపాదించి పంపిన సొమ్ముకు ఇది తగిన చోటు. ఇందులోని అసలును, వడ్డీని ఎప్పుడైనా పరిమితి లేకుండా తిరిగి విదేశానికి తీసుకువెళ్ళవచ్చు. ఫెమా ప్రకారం ప్రవాసిగా ఉన్నంత కాలం దీని వడ్డీపై భారతదేశంలో పన్ను లేదు. ఇంటి అద్దె వంటి స్థానిక ఆదాయాన్ని కూడా, దానిపై వర్తించే పన్ను చెల్లించినట్లయితే, ఇందులో జమ చేయవచ్చు. అయితే సాధారణంగా అది ఎన్.ఆర్.ఓ. ఖాతాకు వెళ్తుంది.

పై ఉదాహరణలోని వ్యక్తికి పాత ఖాతాలో 3 లక్షల రూపాయల డిపాజిట్ 7 శాతం వడ్డీకి ఉందనుకుందాం. ఏడాదికి వచ్చే వడ్డీ 21,000 రూపాయలు. ఎన్.ఆర్.ఓ. డిపాజిట్ కాబట్టి బ్యాంకు 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం, అంటే 6,552 రూపాయలు మినహాయిస్తుంది. నివాసులకు ఉన్నట్లు ఇంత వడ్డీ దాటితేనే కోత అనే పరిమితి ఇక్కడ లేదు. అతడు పన్ను చట్టం ప్రకారం కూడా ప్రవాసి అయిన తరువాత, కువైట్ అధికారులు ఇచ్చే పన్ను నివాస ధ్రువపత్రం సమర్పిస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం కోత 10 శాతానికి, అంటే 2,100 రూపాయలకు తగ్గుతుంది. ఆ పత్రం లేకపోయినా, భారతదేశంలో అతని మొత్తం ఆదాయం కనీస మినహాయింపు పరిమితికి లోపు ఉంటే రిటర్ను దాఖలు చేసి కోసిన సొమ్మును తిరిగి పొందవచ్చు. కువైట్ జీతంతో చేసిన డిపాజిట్ ఎన్.ఆర్.ఇ. ఖాతాలో ఉంటే ఈ కోత అసలే ఉండదు.

ఉమ్మడి ఖాతా చిక్కు

భార్యాభర్తల పేరిట "ఇద్దరిలో ఎవరైనా" పద్ధతిలో ఉన్న ఖాతాలు సాధారణం. ఎన్.ఆర్.ఓ.గా మారిన తరువాత, దేశంలో ఉన్న వ్యక్తి అందులో "మొదటివారు లేదా తదనంతరం జీవించి ఉన్నవారు" అనే పద్ధతిలో మాత్రమే ఉమ్మడిదారుగా కొనసాగగలరు. అంటే భర్త జీవించి ఉండగా భార్య తన సంతకంతో సొమ్ము తీయలేదు. పిల్లల ఫీజు కట్టే రోజు వచ్చేవరకు ఈ సంగతి చాలా ఇళ్ళలో తెలియదు. బయలుదేరే ముందే భార్య పేరిట అధికార పత్రం ఇవ్వడం దీనికి పరిష్కారం. ఆ పత్రంతో ఆమె స్థానికంగా రూపాయల చెల్లింపులు చేయవచ్చు గానీ ఖాతాదారు తరపున ఇతరులకు బహుమతిగా సొమ్ము ఇవ్వరాదు. అంతకంటే సులువైన మార్గం, ఇంటి ఖర్చుకు ఆమె పేరిట విడిగా నివాస ఖాతా ఉంచి నెలనెలా దానికి పంపడం.

ఫోను నంబరు కూడా ఇటువంటిదే. భారత సిమ్ రద్దయితే ఓటీపీలు అందవు. ప్రవాస ఖాతాలను విదేశీ నంబర్లతో యూపీఐకి జోడించేందుకు 2023లో పది దేశాలను అనుమతించారు. వాటిలో సౌదీ అరేబియా, ఒమన్, ఖతర్, యు.ఎ.ఇ. ఉన్నాయి గానీ కువైట్ లేదు.

మార్చకపోతే

జీతాన్ని పాత పొదుపు ఖాతాకే పంపుతూ ఉండడం ఫెమా ఉల్లంఘన. సొమ్ము లెక్క తేలితే దానికి మూడు రెట్ల వరకు, తేలకపోతే 2 లక్షల రూపాయల వరకు జరిమానాకు చట్టంలో అవకాశం ఉంది. రిజర్వు బ్యాంకుకు దరఖాస్తు చేసి రుసుము చెల్లించి రాజీ చేసుకునే వీలు కూడా ఉంది. ఆచరణలో ఎక్కువమందికి తగిలే నష్టం మరొకటి. పాత ఖాతాలో కూడిన సొమ్ము చివరకు ఎన్.ఆర్.ఓ. నిల్వగా మారుతుంది. దానిని ఎన్.ఆర్.ఇ. ఖాతాకు గానీ విదేశానికి గానీ తరలించాలంటే పన్ను చెల్లించినట్లు ధ్రువీకరణలు చూపాలి, ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల పరిమితికి లోబడాలి. కార్మికునికి ఆ పరిమితి అడ్డు కాదు. అడ్డు వచ్చేది కాగితాలే.

స్వదేశానికి శాశ్వతంగా తిరిగి వచ్చినపుడు ఇదే పని తిరగబడుతుంది. ఎన్.ఆర్.ఓ. ఖాతాను మళ్ళీ నివాస ఖాతాగా మార్పించాలి. ఎన్.ఆర్.ఇ. ఖాతాలోని సొమ్మును నివాస ఖాతాకు గానీ, రెసిడెంట్ ఫారిన్ కరెన్సీ ఖాతాకు గానీ మళ్ళించుకోవచ్చు.